గ్రూపుకు ఒక టైటిల్, సెర్చ్‌కు ఒక టైటిల్

మా ఆఫీసు పంజాగుట్ట చౌరస్తాకు దగ్గర్లో, కింద మందుల దుకాణం, దాని మీద కళ్లద్దాల దుకాణం ఉన్న బిల్డింగులో పై అంతస్తు. తెలుగులో వార్తలు, ఆరోగ్యం, పోటీ పరీక్షల సమాచారం ఇచ్చే వెబ్‌సైట్ అది. నేను వార్తలు రాయను. ఏ వార్తను ఎందరు చదివారు, ఎక్కడి నుంచి వచ్చి చదివారు, ఎంతసేపు ఉన్నారు, ఎక్కడ వదిలేసి వెళ్లిపోయారు అనే లెక్కలు చూస్తాను. ఈ పని నాకెవరూ నేర్పలేదు. అంతకుముందు అమీర్‌పేటలో లైనింగు బట్టలు, లేసులు అమ్మే దుకాణంలో లెక్కలు చూసేదాన్ని. ఏ రంగు లేసు ఏ నెలలో కదులుతుందో గమనించడం నాకు ఇష్టంగా ఉండేది. దుకాణం వాళ్లు ఆన్‌లైన్‌లో అమ్మడం మొదలుపెట్టినప్పుడు, ఆ పేజీకి ఎవరు వస్తున్నారో చూపించే పట్టికలు కూడా నేనే తెరిచాను. అర్థం కానిదాన్ని అర్థమయ్యేదాకా చదివాను. ఆ దారినే ఈ కుర్చీ దాకా వచ్చాను.

వార్త రాసే తెరలో అన్నిటికంటే పైన హెడ్డింగు ఉంటుంది. పేజీ తెరిచినవాళ్లకు కనిపించేది అదే. దాని కింద వార్త. ఇంకా కిందికి జరిపితే రెండు అరలు వస్తాయి. మొదటిది సెర్చ్ టైటిల్, దానికో చిన్న వివరణ. ఎవరైనా ఏదైనా టైపు చేసి వెతికినప్పుడు ఫలితాల్లో కనబడాలని రాసేది. రెండోది సోషల్ టైటిల్, దానికీ ఓ వివరణ, ఓ ఫోటో. లింకును వాట్సాప్‌లోనో మరోచోటో పంపినప్పుడు దాని మీద చిన్న కార్డులా కనబడేవి ఇవి. పేజీ తెరిచి చదివేవాళ్లకు ఈ రెండు అరల్లో ఏమున్నదీ కనిపించదు.

వార్త ఒకటే కదా, టైటిల్ రెండు రకాలు ఎందుకని కొత్తగా చేరినవాళ్లు అడుగుతారు. వెతికేవాడు తనకు ఏం కావాలో తెలిసి వస్తాడు. అతను టైపు చేసే మాటలే టైటిల్‌లో ఉండాలి. డెంగీ మీద వార్త అయితే 'డెంగీ లక్షణాలు: ఆసుపత్రికి ఎప్పుడు వెళ్లాలి' అని రాస్తాం. అదే లింకు చుట్టాల గ్రూపులో పడితే, అక్కడ ఎవరూ డెంగీ గురించి వెతకడం లేదు. పెళ్లి ఫోటోలకూ శుభోదయాలకూ మధ్య అది కనిపించాలి. అక్కడ 'జ్వరం తగ్గిందని ఊరుకున్నారా? అసలు జాగ్రత్త పడాల్సింది అప్పుడే' అని రాస్తాం. రెండూ నిజమే. ఒకటి అడిగినదానికి జవాబు. ఇంకొకటి అడగనివాడి భుజం తట్టడం.

సోషల్ అర ఖాళీగా వదిలేస్తే పెద్ద నష్టం లేదు. మా వ్యవస్థ సెర్చ్ టైటిల్‌నే తీసుకుని కార్డు మీద పెడుతుంది. కానీ ఖాళీగా వదలకూడదనేది మా ఎడిటర్ పెట్టిన నియమం. విడిగా రాసినప్పుడు గ్రూపుల నుంచి ఎక్కువమంది వస్తున్నారని నా పట్టికలు కూడా చెప్పేవి. అందుకని ప్రతి వార్తకూ ఆ అర నిండేది.

అమీర్‌పేట పక్కనే ఉన్న మధురానగర్‌లో, కోచింగుకు వచ్చిన పిల్లలు ఉండే ఒక లేడీస్ హాస్టల్ అమ్మాయిలకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయని ఒక మధ్యాహ్నం తెలిసింది. కొందరిని ఆసుపత్రిలో చేర్చారు. ఆ హాస్టల్‌కు భోజనం అదే వీధిలో ఉన్న ఒక మెస్ నుంచి వస్తుంది. అధికారులు వచ్చి అన్నం, కూర, నీళ్ల నమూనాలు తీసుకున్నారు. ఫలితం వచ్చేదాకా వంటగది మూసి ఉంచమని మెస్‌వాళ్లకు చెప్పారు. మా డెస్క్‌లో పనిచేసే సబ్ ఎడిటర్ ఆ వార్త రాసింది. ముప్పై ఏళ్ల మనిషి, నెమ్మదస్తురాలు, ఒక్క మాట కూడా సొంతంగా కల్పించదు. ఆ పూటకు తెలిసింది తెలిసినట్టే రాసింది. సోషల్ టైటిల్ మాత్రం నియమం ప్రకారం విడిగా రాసింది: 'ఈ మెస్ భోజనం తింటున్నారా? ఆసుపత్రి పాలైన హాస్టల్ అమ్మాయిలు'. కింద వివరణలో వంటగది మూయించారని. ఫోటోలో మెస్ బోర్డు, పేరు చదవడానికి వీలుగా.

కొద్ది రోజులకు ఫలితాలు వచ్చాయి. భోజనంలో ఏ దోషమూ లేదు. హాస్టల్ కప్పు మీదున్న ట్యాంకు నీళ్లలో ఉంది దోషం. మూత పగిలిన ట్యాంకు అది. సబ్ ఎడిటర్ ఆ సాయంత్రమే వార్తను తెరిచి మొత్తం సరిచేసింది. హెడ్డింగు మార్చింది. సెర్చ్ టైటిల్ మార్చింది. ఎప్పుడు మార్చిందీ వార్త చివర రాసింది. మెస్ మళ్లీ తెరుచుకుంది. మా వరకు అయిపోయిందనే అనుకున్నాం.

తర్వాతి వారంలో ఒక ఉదయం ఆమె మా ఆఫీసుకు వచ్చింది. ఆ మెస్ నడిపే ఆమె. నా వయసే ఉంటుంది, లేదా ఓ రెండేళ్లు తక్కువ. చీర కొంగు నడుముకు దోపుకునే ఉంది, వంట మధ్యలో లేచి వచ్చినట్టుగా. ఎడిటర్ టేబుల్ నా పక్కదే కాబట్టి మాటలన్నీ వినబడుతున్నాయి.

"సార్, నా మెస్ మంచిదని మీరే రాసిండ్రు, మళ్ల మీరే గిట్ల రాస్తే ఎట్ల?"

ఎడిటర్ కోస్తా నుంచి వచ్చి చాలా ఏళ్లుగా ఇక్కడే ఉంటున్నారు. ఎవరి మీదా గొంతు పెంచరు. "కూర్చోండమ్మా. ఏంటి, ఎక్కడ చూశారు? మేం సరిచేసేశాం కదా" అని వార్త తెరిచి తన తెర ఆమె వైపు తిప్పారు.

"గదే అంటున్న. గిది మంచిగనే ఉన్నది. నేను సుత చదివిన. జర గీ గ్రూపుల చూడుండ్రి."

ఫోన్ ఆయన ముందు పెట్టింది. హాస్టల్ అమ్మాయిల గ్రూపు. ఒక కార్డు. 'ఈ మెస్ భోజనం తింటున్నారా?' దాని కింద ఆమె బోర్డు ఫోటో.

"ఇది పాతదమ్మా. ఫస్ట్ రోజు ఎవరో పెట్టి ఉంటారు. పంపేసిన మెసేజ్‌ను మేం మార్చలేం."

"ఏం పాతది సార్? ఇయ్యాల పొద్దుగాల్ల పెట్టింది. టైము చూడుండ్రి. పెట్టిన పిల్ల ఎవరనుకున్నరు? నా దగ్గరనే తింటది. మా ఆంటీ మెస్ మంచిదని చెప్తామని, మీరు సరిచేసిన వార్తనే పెట్టింది పాపం. కింద ఎట్ల తిట్టుకుంటున్నరో చదవుండ్రి."

చదివాను. 'ఇంకా అక్కడే తింటున్నావా', 'నీకేమైనా కమీషన్ ఇస్తున్నరా', 'ఆంటీ నీకు చుట్టమా'. పెట్టిన అమ్మాయి 'ఓపెన్ చేసి చదవండే' అని ప్రాధేయపడింది. దానికి ఇంకెవరో నవ్వుతున్న బొమ్మలు పెట్టారు. ఎవరూ తెరిచినట్టు లేరు.

'ఇయ్యాల పొద్దుగాల్ల' అన్న మాట దగ్గర నా మనసు ఆగిపోయింది. కార్డు లింకు పంపిన క్షణంలో తయారవుతుంది. పంపేవాళ్ల ఫోన్ మా పేజీని అడిగి టైటిల్, వివరణ, ఫోటో తీసుకుంటుంది. పొద్దున పంపిన కార్డు మీద పాత మాట ఉందంటే, పొద్దున కూడా మా పేజీ పాత మాటే చెప్పిందన్నమాట. నేను ఆ వార్తను రాసే తెరలో తెరిచి కిందికి జరిపాను. సెర్చ్ అరలో కొత్త టైటిల్ ఉంది. సోషల్ అరలో మొదటి రోజు టైటిల్, మొదటి రోజు వివరణ, మొదటి రోజు ఫోటో అలాగే ఉన్నాయి.

సబ్ ఎడిటర్ నా వెనక నిలబడి చూసింది.

"నేను పైది మారిస్తే కిందిది సుత మారుతదనుకున్న మేడం."

ఖాళీగా ఉంటే మారేది. ఖాళీగా ఉంచకూడదు కనుక నింపింది, నింపింది కనుక మారలేదు. ఆ మాట నేను పైకి అనలేదు, ఆమెకు తెలిసిపోయింది. మా వార్తను తెరిచి చదివినవాళ్లకు మేం నిజం చెబుతున్నాం. తెరవనివాళ్లకు, అంటే ఎక్కువమందికి, వారం రోజులుగా అబద్ధం చెబుతున్నాం. అది కూడా మెస్ ఆమె మంచి కోరినవాళ్ల చేతుల మీదుగా. నా పట్టికల్లో ఆ వార్తకు గ్రూపుల నుంచి వచ్చినవాళ్లు కనిపిస్తూనే ఉన్నారు. కార్డు చూసి రానివాళ్లు ఏ పట్టికలోనూ ఉండరు.

"ఏమైందక్కా? ఏదన్న చెప్పుండ్రి" అని మెస్ ఆమె నన్నే అడిగింది. ముగ్గురిలో నేనొక్కదాన్నే ఆమె ఈడుదాన్ని కాబట్టి అనుకుంటా.

తెర చూపించి చెప్పాను. పేజీ లోపల వేరు, బయట కనిపించే కార్డు వేరు, లోపల మార్చాం, బయటిది మరిచిపోయాం అని. ఆమె తల ఊపింది. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు.

"హాస్టలోల్లు వేరే మెస్సును మాట్లాడుకున్నరక్కా. నీళ్లు వాళ్లవే, ట్యాంకు వాళ్లదే, అయినా నన్నే వద్దన్నరు. పిల్లలు ఒప్పుకోరంట. ఇంక విడిగ వచ్చి తినే పిల్లలు గింతమంది మిగిలిండ్రు. వాళ్లు సుత పోతే నేను పొయ్యి ఆర్పుకోవాలె, అంతే. ఇప్పుడు మారుస్తే గీ గ్రూపుల ఉన్నవి మారుతయా?"

"మారవు. పంపినవి పంపినట్టే ఉంటాయి. ఇకముందు పంపేవాటికే కొత్త కార్డు వస్తుంది."

"అట్లనా" అంది, గాలి తీసేసినట్టు.

అందుకని కార్డు మీద ఏం రాయాలన్నది ఆ ఉదయం మాకు అసలు ప్రశ్న అయింది. తెరవనివాళ్లు తెరవరు. కాబట్టి తెరవకుండానే విషయం తెలియాలి. కవ్వించి లోపలికి లాగే టైటిల్ ఇక్కడ పనికిరాదు. సబ్ ఎడిటర్ నాలుగైదు రకాలుగా రాసి చూపించింది. 'హాస్టల్ అమ్మాయిల అస్వస్థత: అసలు కారణం ఇదే' అన్నది ఎడిటర్‌కు నచ్చింది.

"ఇదే అంటే ఏది సార్?" అని మెస్ ఆమె అడిగింది. "నా బోర్డు చూసినోల్లు, నేనే అనుకుంటరు గద."

ఎడిటర్ నవ్వబోయి మానేశారు. "నిజమేనమ్మా."

చివరికి కుదిరింది ఇది: మెస్ పేరు పెట్టి, 'భోజనంలో ఏ లోపమూ లేదు, హాస్టల్ ట్యాంకు నీళ్లే కారణం'. వివరణలో, ఫలితాలు వచ్చాయి, మెస్ తెరిచారు అని. ఫోటో మూత పగిలిన ట్యాంకుది. పాత కార్డు చూసినవాళ్లు ఆ పేరుతోనే గుర్తుపెట్టుకున్నారు కాబట్టి కొత్త కార్డు మీద ఆ పేరు ఉండి తీరాలని నేనే అన్నాను. సబ్ ఎడిటర్ అది సేవ్ చేసి, లింకు చివర చిన్న తోక తగిలించి నాకు పంపింది. ఫోన్ పాత కార్డును గుర్తుంచుకున్నా, దీన్ని కొత్త లింకని అనుకుని మళ్లీ తెచ్చుకోవాలని. కొత్త కార్డు వచ్చింది. అదే మెస్ ఆమెకు పంపాను. ఆమె దాన్ని చూసి, బొటనవేలితో మెల్లగా తుడిచినట్టుగా పైకి కిందికి జరిపింది.

అప్పుడు ఎడిటర్ ఇంకో మాట అన్నారు. "ఆ పేరు సెర్చ్ టైటిల్‌లో కూడా పెట్టేద్దాం. జనం పేరు కొట్టే వెతుకుతున్నారు కదండీ? మీరే చెప్పారు."

నిజమే. ఆ మెస్ పేరు టైపు చేసి మా వార్తకు వచ్చినవాళ్లు పట్టికలో ఉన్నారు. ముందు ఎన్నడూ లేనంతమంది. ఎడిటర్ మాటలో వాళ్ల రాకపోకల మీద ఆశ ఉంది, దాన్ని ఆయన దాచుకోలేదు. ఇంకో కారణం కూడా ఉంది. ఈ వార్త వేసిన ఇంకొన్ని సైట్లు ఫలితాల సంగతి రాయనే లేదు. పేరు కొడితే అవి పైకి వస్తే, మొదటి రోజు కథే జనానికి అందుతుంది. మాది పైకి రావడమే ఆమెకు మంచిది కదా అన్నారు.

నాకు ఆ వాదన సరైనదే అనిపించింది. దానికి ఎదురు వాదన కూడా సరైనదే అనిపించింది. అమీర్‌పేటలో ఇన్నేళ్లుగా ఉంటున్నాను కాబట్టి నాకు తెలిసిన సంగతి ఒకటుంది. ఇక్కడ కోచింగుకు వచ్చే పిల్లలు బ్యాచ్‌ల లెక్కన వస్తారు, బ్యాచ్‌ల లెక్కన పోతారు. ఇవాళ ఆ గ్రూపులో తిట్టుకుంటున్న అమ్మాయిలు కోర్సు అయ్యాక ఉండరు. వాళ్లతోపాటు ఆ గ్రూపు, ఆ కార్డు అన్నీ పోతాయి. కొత్తగా బస్సు దిగే పిల్లలకు గ్రూపులు ఉండవు. వాళ్లు ఫోన్ తీసి వెతుకుతారు. పాత గొడవ ఏమీ తెలియని పిల్ల మెస్ పేరు కొడితే, మొదట ఆసుపత్రి మాట ఎందుకు కనబడాలి, అది లోపం లేదని చెప్పేదైనా సరే? గ్రూపులో పేరు ఉండాలి, సెర్చ్‌లో ఉండకూడదు. అదే వార్తకు.

ఇది చెప్పాను. రెండో వైపుదీ చెప్పాను, మిగతా సైట్ల సంగతి. పేరు ఆమెది కాబట్టి నిర్ణయం కూడా ఆమెదేనని అన్నాను. ఎడిటర్ కుర్చీ వెనక్కి వాలి, "అమ్మా, మీరేమంటారు?" అన్నారు.

ఆమె చాలాసేపు ఆలోచించలేదు. "నా పేరు కొడితే నా సాంబారు రావాలె సార్, దవాఖాన రావద్దు. వేరేటోల్లు పెట్టింది నేను ఆపలేను. మీరన్న పెట్టకుండ్రి."

సెర్చ్ టైటిల్‌ను పేరు లేకుండా ఉంచాం: 'మధురానగర్ హాస్టల్ విద్యార్థినుల అస్వస్థత: ట్యాంకు నీళ్లే కారణమని పరీక్షల్లో వెల్లడి'. వెళ్లేటప్పుడు ఆమె సబ్ ఎడిటర్ భుజం మీద చెయ్యేసి, "ఫికర్ చెయ్యకు బిడ్డా, ఒకసారి తినిపో" అంది. ఆ అమ్మాయి తల ఎత్తలేదు. ఆ రోజు తర్వాత మా డెస్క్‌లో ఎవరు ఏ వార్త సరిచేసినా కిందికి జరిపి రెండు అరలూ చదివేదాకా సబ్ ఎడిటర్ వాళ్ల పక్కనే నిలబడేది. కొందరు విసుక్కునేవారు కూడా.

కొత్త కార్డు తిరిగింది. మెస్ ఆమె దగ్గర తినే పిల్లలు దాన్ని హాస్టల్ గ్రూపులో, కోచింగు గ్రూపుల్లో పెట్టారు. ఈసారి తెరవనివాళ్లు కూడా విషయం తెలుసుకున్నట్టే ఉంది. గ్రూపుల నుంచి మా పేజీకి వచ్చినవాళ్లు మాత్రం బాగా తగ్గారు. అంతా కార్డు మీదే ఉంటే లోపలికి ఎందుకొస్తారు? వారం మీటింగులో ఎడిటర్ గ్రాఫులో కిందికి దిగిన ఆ గీతను చూసి నా వైపు చూశారు. నా ఉద్యోగంలో, తగ్గితే సంతోషపడిన గీత అదొక్కటే.

ఆ సంతోషం నిలవలేదు. కోర్సులు మారే రోజులు దగ్గరపడుతున్నాయి. కోచింగు సెంటర్లుండే మైత్రీవనం దగ్గర కొత్త బ్యాచ్‌ల కరపత్రాలు పంచుతున్నారు. నేనొక మధ్యాహ్నం ఊరికే ఆ మెస్ పేరు కొట్టి వెతికాను. మా వార్త వచ్చింది. లోపల ఆ పేరు ఉంది కాబట్టి రావడం వింత కాదు. కానీ దాని మీద మేం రాసిన సెర్చ్ టైటిల్ లేదు. సోషల్ టైటిల్ ఉంది. పేరుతో సహా.

నాకు ఈ సంగతి తెలియనిది కాదు. సెర్చ్ వ్యవస్థ మనం ఇచ్చిన టైటిల్‌నే చూపించాలని ఏమీ లేదు. వెతికినవాళ్ల మాటకు ఇంకేదైనా దగ్గరగా ఉందనిపిస్తే, పేజీ హెడ్డింగునో, సోషల్ అరలో ఉన్నదాన్నో తీసుకుంటుంది. పేరు కొట్టి వెతికారు, సోషల్ అరలో పేరు ఉంది. దానికి అదే సరిపోయింది. రెండు అరల మధ్య గోడ మా తెర మీదే ఉంది, బయట లేదు. ఎప్పుడైనా ఇలా జరుగుతుందని తెలుసు, ఈ వార్తకే జరుగుతుందని అనుకోలేదు.

ఫోన్ చేసి చెప్పే సంగతి కాదనిపించింది. భోజనం వేళకు ఆటో ఎక్కి మధురానగర్ వెళ్లాను.

మెస్ అంటే ఇంటి ముందు గది, నాలుగు స్టీలు టేబుళ్లు. ఆమె భర్త గిన్నెలు సర్దుతున్నాడు. ఒక టేబుల్ దగ్గర ఇద్దరు అమ్మాయిలు తింటున్నారు. మిగతావి ఖాళీ. నన్ను చూసి ఆమె, "రా అక్కా, మంచి టైముకొచ్చినవ్, పచ్చిపులుసు చేసిన" అని, నేను ఆగమనేలోపే ప్లేటు పెట్టింది.

నోట్లో మొదటి ముద్ద ఉండగానే గుమ్మం బయట ఇద్దరు అమ్మాయిలు ఆగారు. భుజాలకు బ్యాగులు, ఒకామె చేతిలో కోచింగు సెంటర్ వాళ్లిచ్చిన కొత్త ఫైలు. బోర్డు పైకి చూశారు. ఒకామె ఫోన్‌లో ఏదో టైపు చేసింది.

"గీడ భోజనంల ఏం లోపం లేదంట" అని ఆమె పైకే చదివింది.

"లోపం లేదంటే? ఏమైందంట మరి?"

"ఏమో, ఎవరో దవాఖానల పడ్డరంట. నీళ్లంట."

"వామ్మో. వద్దు తియ్యే. మొదటి నెలనే మా నాయిన వచ్చి తీస్కపోతడు. పక్క సందుల ఇంకోటున్నదంట, పా."

వెళ్లిపోయారు. ఆమె గరిటె పట్టుకుని నిలబడింది. ఆమె భర్త గిన్నెలు సర్దడం ఆపాడు.

"అక్కా, వాళ్లకెట్ల దొరికింది? సెర్చుల నా పేరు పెట్టలే అన్నరు గద."

అందుకే వచ్చానని చెప్పాను. గ్రూపుల కోసం రాసినదాన్ని సెర్చ్ తనంతట తనే తీసుకుందని, అలా తీసుకుంటుందేమో ఒకసారి చూసి ఉండాల్సిందని చెప్పాను. ఆమె నా పక్కన కూర్చుంది.

"అయితే గ్రూపుల కార్డు మీద సుత నా పేరు తీసెయ్యి."

"తీస్తే, పాత పిల్లలెవరైనా మళ్లీ పంపితే కార్డు మీద మీ పేరుండదు. మీ తప్పు లేదని తెరవనివాళ్లకు తెలియదు."

"ఎవరున్నరక్కా పాత పిల్లలు? గా టేబుల్ కాడున్నరే, గా ఇద్దరే. వాళ్లకు తెలుసు. తీసెయ్యి."

తింటున్న అమ్మాయిల్లో ఒకామె తల తిప్పి, "ఆంటీ, మేం సుత వచ్చే వారం రూం ఖాళీ చేస్తున్నం" అంది, తప్పు చేసినట్టు.

"తెలుసు బిడ్డా. నువ్వు తిను."

నేను అక్కడి నుంచే సబ్ ఎడిటర్‌కు ఫోన్ చేశాను. రెండు అరల్లోనూ పేరు ఉండకూడదని, సోషల్ టైటిల్ ఏం ఉండాలో అక్షరం అక్షరం చెప్పాను. హెడ్డింగులో కూడా లేదని చూసుకోమన్నాను. ఆమె అవతల టైపు చేస్తూ, చేసినది నాకు చదివి వినిపించింది. రెండుసార్లు. ఆ పేజీని మళ్లీ చూడమని సెర్చ్‌కు విన్నపం కూడా పెట్టింది.

"అయిపోయిందా?" అని మెస్ ఆమె అడిగింది.

"మా వైపు అయిపోయింది. సెర్చ్‌లో మారడానికి కొన్ని రోజులు పడుతుంది. ఎన్ని రోజులో చెప్పలేను. రేపే మారొచ్చు, రెండు వారాలూ పట్టొచ్చు."

"అంటే గీ బ్యాచు దిగినంక."

అవునన్నాను. లెక్కలు చూసే మనిషిని, ఒక అంకె కూడా ఇవ్వలేకపోయాను.

ఆమె నా ప్లేటులో ఇంకో గరిటెడు అన్నం వేసింది. వద్దన్నా వినలేదు. తర్వాత లేచి, లోపలి గది గుమ్మం దగ్గర నిలబడి భర్తతో అంది:

"రేపటికి బియ్యం సగమే కడుగు. మిగిలితే పారబోసుడు నాతోని కాదు."

అతను సరే అన్నాడు. ఆమె తడి చేతులు తుడుచుకుంటూ గుమ్మం ముందుకు వెళ్లి నిలబడింది. బ్యాగులతో ఇంకో ముగ్గురు అమ్మాయిలు సందు మలుపు తిరిగారు. ఒకామె చేతిలో ఫోన్ ఉంది. మెస్ ఆమె వాళ్లను పిలిచింది.

"బిడ్డా, ఇటు రాండ్రి. పైసలియ్యకుండ్రి. ఒక పూట తిని చూడుండ్రి, తర్వాత ఆ ఫోన్ చూసుకోండ్రి."

ఇద్దరు ఆగకుండా ముందుకు వెళ్లారు. మూడో ఆమె వాళ్ల వైపూ, ఈమె వైపూ చూసి, చెప్పులు విడిచి లోపలికి వచ్చి, నా ఎదురు కుర్చీలో కూర్చుంది.